కాన్ఫరెన్స్ డెక్ నుంచి చిన్న పోస్టులు: ఒక్కో పోస్టులో ఒక్క విషయం, తప్పు లేకుండా

కాన్ఫరెన్స్‌లో స్లైడ్ ఒంటరిగా ఉండదు. పక్కన నిలబడి వివరించే మనిషి ఉంటాడు, ముందు చూపించిన స్లైడ్ ఇంకా గుర్తుంటుంది, వినేవాళ్లకు ఆ రంగం తెలిసే ఉంటుంది. అదే విషయం సోషల్ మీడియాలో పోస్టుగా వెళితే ఈ మూడూ ఉండవు. చదివే మనిషి బస్సులో ఉండొచ్చు, మీ సిరీస్‌లో ఆ ఒక్క పోస్టే ఎవరో ఫార్వర్డ్ చేస్తే చూసి ఉండొచ్చు. అందుకే స్లైడ్‌లోని వాక్యాన్ని కుదించినంత మాత్రాన పోస్టు కాదు. స్లైడ్‌కు అండగా ఉన్నవాటిలో ఏవి లేకపోతే అర్థం మారిపోతుందో చూసి, వాటిని పోస్టులోకి తేవాలి. పని అంతా అక్కడే ఉంది.

ఇది మాటల్లో చెబితే తేలిగ్గానే ఉంటుంది కాబట్టి నిజంగా జరిగిన ఒక ప్రెజెంటేషన్ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేద్దాం. 2019 సెప్టెంబర్ 1న ప్యారిస్‌లో యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ కాంగ్రెస్‌లో గ్లాస్గో యూనివర్సిటీ ప్రొఫెసర్ జాన్ మెక్‌ముర్రే డాపా-హెచ్‌ఎఫ్ అనే పరీక్ష ఫలితాలు చూపించారు. డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందు హార్ట్ ఫెయిల్యూర్ రోగులకు పనికొస్తుందా అన్నది ప్రశ్న. 20 దేశాల్లో 4,744 మంది పాల్గొన్నారు, మన దేశం నుంచి కూడా రోగులు ఉన్నారు. అదే నెలలో పూర్తి పేపర్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మంచి ఫలితం, స్పష్టమైన డెక్ అంటే స్లైడ్ల కట్ట, అయినా పోస్టులు రాసేవాళ్లు జారిపడే చోట్లు చాలానే ఉన్నాయి. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

మొదటి మెట్టు: స్లైడ్లు లెక్కపెట్టకండి, వాదనలు లెక్కపెట్టండి

చాలామంది చేసే పని, డెక్ తెరిచి స్లైడ్‌కు ఒక పోస్టు చొప్పున రాసుకుంటూ పోవడం. అలా చేస్తే పరీక్ష ఎలా జరిపారో చెప్పే స్లైడ్‌కు ఎవరూ చదవని పోస్టు ఒకటి వస్తుంది. నాలుగు ఫలితాలు కుక్కిన స్లైడ్‌కు నాలుగూ కలగలిసిన పోస్టు వస్తుంది. దానికి బదులు డెక్ మొత్తం ఒకసారి చదివి పక్కన పెట్టండి. రెండోసారి చదివేటప్పుడు, ఎవరైనా "అది నిజం కాదు" అని కాదనడానికి వీలున్న ప్రతి మాటనూ పూర్తి వాక్యంగా రాసుకోండి. కాదనడానికి ఏమీ లేని మాట వాదన కాదు. "హార్ట్ ఫెయిల్యూర్ చికిత్సలో కొత్త శకం" అన్నది శీర్షిక మాత్రమే, దాన్ని వదిలేయండి.

ప్రతి వాక్యంలోనూ నాలుగు సంగతులు ఉండాలి: ఎవరిలో, దేనితో పోలిస్తే, ఎంత కాలంలో, ఏమైంది. పక్కన స్లైడ్ నంబర్, వీలైతే పేపర్‌లో అదే అంకె ఉన్న పట్టిక. డెక్‌లో ఉన్న అంకెకూ పేపర్‌లో ఉన్న అంకెకూ తేడా వస్తే పేపర్‌నే తీసుకోండి, పోస్టులో ఎక్కడి అంకె వాడారో చెప్పండి. పేపర్ ఇంకా రాకపోతే "కాన్ఫరెన్స్‌లో చూపిన ఫలితాల ప్రకారం" అన్న నాలుగు మాటలు తప్పనిసరి.

డాపా-హెచ్‌ఎఫ్ ప్రధాన ఫలితాన్ని ఇలా విప్పితే వచ్చే వాక్యం ఇది. గుండె ఒక్కో కొట్టుకు బయటికి పంపే రక్తం శాతం 40 లేదా అంతకంటే తక్కువగా ఉన్న, హార్ట్ ఫెయిల్యూర్ లక్షణాలున్న రోగుల్లో, మామూలుగా ఇచ్చే మందులకు తోడు రోజుకు 10 మిల్లీగ్రాముల డాపాగ్లిఫ్లోజిన్ వాడినవారిలో, అదే మందులకు తోడు ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తి మాత్ర, వాడినవారితో పోలిస్తే, సుమారు 18 నెలల కాలంలో, జబ్బు ముదిరి ఆస్పత్రికి వెళ్లాల్సి రావడం లేదా గుండె, రక్తనాళాల కారణంతో చనిపోవడం తగ్గింది: 21.2 శాతం నుంచి 16.3 శాతానికి.

చదవడానికి భారంగా ఉంది. ఉండాలి. దీన్ని ఎవరికీ చూపించరు. ఇందులోంచి ఏది తీసేస్తే అబద్ధం అవుతుందో, ఏది తీసేసినా నిజంగానే ఉంటుందో తేల్చుకోవడానికి ఇది మన దగ్గర ఉండే ప్రతి. మిల్లీగ్రాములు తీసేయొచ్చు. "40 లేదా అంతకంటే తక్కువ" తీసేయలేం, ఎందుకంటే పంపింగ్ బాగానే ఉండి హార్ట్ ఫెయిల్యూర్ వచ్చే రోగులు కూడా పెద్ద సంఖ్యలో ఉంటారు, వాళ్లను ఈ పరీక్షలో చేర్చుకోలేదు. "తోడు" అన్న మాట కూడా తీసేయలేం. అది పోతే ఉన్న మందులు మానేసి ఇది వేసుకోవచ్చని ఎవరో అనుకుంటారు.

రెండో మెట్టు: 26 శాతంతో ఏం చేయాలి

ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. ఇలాంటి డెక్‌లో అందరి కళ్లూ పడే అంకె హజార్డ్ రేషియో, అంటే రెండు గుంపుల ముప్పుల నిష్పత్తి: 0.74. దాన్నే "ముప్పు 26 శాతం తగ్గింది" అంటారు. అంకె నిజమే. కానీ ఒంటరిగా పోస్టులో పెడితే మామూలు పాఠకుడికి అర్థమయ్యేది, వందమంది రోగులు వాడితే 26 మంది గట్టెక్కుతారని. జరిగింది అది కాదు. వందకు 21 మందికి రావాల్సిన ప్రమాదం 16 మందికి వచ్చింది. అంటే ఏడాదిన్నర వాడితే వందకు సుమారు ఐదుగురు తప్పించుకున్నారు, ఇంకోలా చెప్పాలంటే 21 మంది వాడితే ఒకరికి ఆ ప్రమాదం తప్పింది. ఇది కూడా గొప్ప ఫలితమే, అప్పటికే మంచి మందులు వాడుతున్న రోగుల్లో వచ్చింది కాబట్టి మరీ.

నేను పాటించే పద్ధతి ఏమిటంటే, పోస్టులో ముందు రెండు గుంపుల అసలు అంకెలు, ఆ తర్వాత చోటుంటేనే శాతం తగ్గుదల. చోటు ఒక్కదానికే ఉంటే అసలు అంకెలే.

కామెంట్లలో కచ్చితంగా వచ్చే ప్రశ్న ఒకటుంది, దానికి జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోండి. 16.3ని 21.2తో భాగిస్తే 0.77 వస్తుంది, అంటే 23 శాతం తగ్గుదల. మరి 26 ఎక్కడిది? హజార్డ్ రేషియో చివర్లో ఎంతమందికి ప్రమాదం జరిగిందో మాత్రమే చూడదు, ఎప్పుడు జరిగిందో కూడా చూస్తుంది, మధ్యలో పరీక్ష ముగిసినవారిని వారు ఉన్నంత కాలానికి లెక్కలోకి తీసుకుంటుంది. రెండు లెక్కలూ సరైనవే, కొలిచేవి వేరు. అందుకే పోస్టులో "16.3, 21.2" పెట్టి పక్కనే "26 శాతం తక్కువ" అని రాస్తే కాలిక్యులేటర్ ఉన్న పాఠకుడికి తప్పు దొరికినట్టు అనిపిస్తుంది. రెండూ కలిపి పెట్టాల్సి వస్తే 26కు ముందు "కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే" అని చేర్చండి.

మూడో మెట్టు: కలిపి కొలిచినదాన్ని విడదీసేటప్పుడు

ప్రధాన ఫలితంలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి: జబ్బు ముదరడం, మరణం. ఇంకో పోస్టులో వాటిని విడివిడిగా చెప్పడం మంచిది, ఎందుకంటే ఇలాంటి ఉమ్మడి ఫలితాల్లో ఒక్కోసారి తగ్గేదంతా ఆస్పత్రి రాకపోకలే, మరణాల్లో తేడా ఉండదు. ఇక్కడ రెండూ తగ్గాయి. జబ్బు ముదిరినవారు 13.7 శాతం నుంచి 10.0కు, గుండె, రక్తనాళాల కారణంతో మరణాలు 11.5 శాతం నుంచి 9.6కు.

ఈ రెండింటినీ కూడితే ప్లాసిబో గుంపులో 25.2 వస్తుంది. ప్రధాన ఫలితంలో మాత్రం 21.2 అని ఉంది. పొరపాటేమీ లేదు. ముందు ఆస్పత్రిలో చేరి తర్వాత చనిపోయిన మనిషి విడివిడి లెక్కల్లో రెండుచోట్లా ఉంటాడు, ఉమ్మడి లెక్కలో మొదటి సంఘటనకు ఒక్కసారే ఉంటాడు. ఈ సంగతి తెలియక విడివిడి అంకెలను కూడి ఇన్ఫోగ్రాఫిక్ తయారుచేసేవాళ్లు ఉంటారు. కాబట్టి విడదీసిన పోస్టులో "కొందరికి రెండూ జరిగాయి" అన్న మూడు మాటలు చేర్చండి. మూడు మాటలకు అది చాలా చవక.

ఇంకొకటి. "మరణాలు తగ్గాయి" అని మాత్రమే రాస్తే అన్ని రకాల మరణాలూ అని అర్థం వస్తుంది. ఈ పరీక్షలో ఆ లెక్క కూడా ఉంది: అన్ని కారణాల మరణాలు 13.9 శాతం, 11.6 శాతం. ఏది చెబుతున్నారో దాని పేరుతోనే చెప్పండి, 9.6 పక్కన 13.9 పెట్టకండి. అలసిపోయి రాత్రి పూట డ్రాఫ్ట్ చేసేటప్పుడు ఇలాంటి కలగలుపులు ఇట్టే జరుగుతాయి.

నాలుగో మెట్టు: ఉపగుంపుల స్లైడ్

డెక్‌లో ఒక స్లైడ్ నిండా చిన్న చతురస్రాలు, అడ్డగీతలు ఉంటాయి: వయసువారీగా, ఆడ మగవారీగా, షుగర్ ఉన్నవారు లేనివారు అలా. పోస్టులకు ఇది గని లాగా కనిపిస్తుంది. ఇందులోంచి తీయాల్సింది మాత్రం ఒక్కటే అని నా అభిప్రాయం: షుగర్ సంగతి.

అది ఎందుకు తీయాలంటే పరీక్ష మొదలుపెట్టిన ఉద్దేశాల్లో అదొకటి. మందు పుట్టింది షుగర్ మందుగా, పాల్గొన్నవారిలో సగానికి పైగా షుగర్ లేనివారు. షుగర్ ఉన్నవారిలో హజార్డ్ రేషియో 0.75, లేనివారిలో 0.73. దీన్ని చూసి "షుగర్ లేనివాళ్లకే ఇంకా బాగా పనిచేసింది" అని రాయాలనిపిస్తుంది. రాయకూడదు. మొదటి దాని నిజ విలువ 0.63 నుంచి 0.90 మధ్య, రెండో దానిది 0.60 నుంచి 0.88 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఈ రెండు గీతలూ దాదాపు పూర్తిగా ఒకదానిమీద ఒకటి పడతాయి. నిజంగా చెప్పగలిగింది, ఇద్దరిలోనూ ప్రయోజనం ఒకే తీరుగా కనిపించిందని. అంత చెప్పడమే చాలా పెద్ద వార్త.

తీయకూడనిది కూడా అదే స్లైడ్‌లో ఉంది. లక్షణాలు తక్కువగా ఉన్న రెండో తరగతి రోగుల్లో 0.63, లక్షణాలు ఎక్కువగా ఉన్న మూడు నాలుగు తరగతుల వారిలో 0.90, ఆ రెండోదాని గీత ఒకటిని దాటుతుంది కూడా, అంటే తేడా ఏమీ లేకపోయి ఉండొచ్చు. "ముదిరిన రోగులకు పనిచేయదు" అన్న పోస్టు క్షణంలో తయారైపోతుంది, జనంలోకి బాగా వెళుతుంది కూడా. కానీ పదికి పైగా ఉపగుంపులు చూసినప్పుడు ఒకటీ రెండూ కేవలం యాదృచ్ఛికంగానే ఇలా వేరుగా కనిపించొచ్చు. దీన్ని సరిగా చెప్పడానికి నాలుగు పేరాలు కావాలి. ఎక్స్ పోస్టులో పట్టే 280 అక్షరాల్లో నిజంగా చెప్పలేని విషయం పోస్టుకు పనికిరాదు. దాన్ని పెద్ద వ్యాసానికి దాచుకోండి.

ఐదో మెట్టు: 280లో ఇరికించడం

ఎక్స్‌లో ఉచిత ఖాతాకు పోస్టు పరిమితి 280. తెలుగులో రాసేవాళ్లకు ఇక్కడ ఇబ్బంది ఉంది. మనం ఒక అక్షరం అనుకునేది ఆ లెక్కలో ఒకటి కాదు. గుణింతం గుర్తు, పొల్లు, ఒత్తు కింద దాగిన హల్లు అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. "స్త్రీ" కంటికి ఒక్క అక్షరం, లెక్కకు ఆరు. అందుకే తెలుగు పోస్టులో సుమారు ముప్ఫై ఐదు మాటలకు మించి పట్టవు. లింకు ఎంత పొడుగున్నా 23గా లెక్కేస్తారు, దానికి ముందు ఖాళీ ఒకటి. కాబట్టి రాసేటప్పుడే 255ను హద్దుగా పెట్టుకోండి.

మన మొదటి వాక్యం కుదించాక ఇలా వస్తుంది:

"గుండె పంపింగ్ 40% లేదా అంతకంటే తక్కువున్న హార్ట్ ఫెయిల్యూర్ రోగులు. సుమారు ఏడాదిన్నరలో జబ్బు ముదిరి ఆస్పత్రికి వెళ్లాల్సి రావడం లేదా గుండె, రక్తనాళాల కారణంతో మరణం: మామూలు మందులతో 100లో 21 మందికి, డాపాగ్లిఫ్లోజిన్ కూడా వాడితే 16 మందికి. డాపా-హెచ్‌ఎఫ్, 2019"

లింకుతో కలిపితే సరిగ్గా హద్దు అంచుకు వస్తుంది. ఏం వదిలేశామో చూడండి: ప్లాసిబో అన్న మాట, మోతాదు, రోగుల సంఖ్య, దశాంశాలు. ఏం ఉంచామో కూడా చూడండి: ఎవరిలో, దేనికి తోడు, ఎంత కాలంలో, రెండు గుంపుల అంకెలు, పరీక్ష పేరు, సంవత్సరం. ఇంకా కుదించాలంటే మాటలు కొట్టేయడం కాదు, విషయాన్నే చిన్నది చేసుకోవాలి. ఉమ్మడి ఫలితం వదిలి మరణాల సంగతి ఒక్కటే చెప్పే పోస్టు రాసుకోవాలి.

షుగర్ పోస్టు:

"డాపాగ్లిఫ్లోజిన్ మొదట షుగర్ మందు. డాపా-హెచ్‌ఎఫ్ పరీక్షలో (2019) సగానికి పైగా షుగర్ లేనివాళ్లే. గుండె పంపింగ్ తగ్గిన ఈ హార్ట్ ఫెయిల్యూర్ రోగుల్లో షుగర్ ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ప్రయోజనం ఒకే తీరుగా కనిపించింది."

ఇందులో అంకెలు లేవు, అవసరం కూడా లేదు. విషయం "ఇద్దరికీ" అన్నది. అంకెలు పెడితే పాఠకుడు 0.73, 0.75 పోల్చడం మొదలుపెడతాడు.

ఆరో మెట్టు: దుష్ప్రభావాలు, పరిమితులకు సొంత పోస్టులు

ప్రయోజనానికి నాలుగు పోస్టులు రాసి దుష్ప్రభావాలను చివరి పోస్టులో సగం వాక్యంగా తోసేస్తే, ఒక్కో పోస్టు నిజమే అయినా సిరీస్ మొత్తం ఒకవైపు ఒరిగిపోతుంది. డెక్‌లో ఆ స్లైడ్ ఎంత స్పష్టంగా ఉందో పోస్టు అంత స్పష్టంగా ఉండాలి. ఇక్కడ ఒంట్లో నీరు, ఉప్పు తగ్గడానికి సంబంధించిన ఇబ్బందులు మందు వాడినవారిలో 7.5 శాతం, ప్లాసిబోలో 6.8. కిడ్నీకి సంబంధించినవి 6.5, 7.2. రెండింటిలోనూ తేడా చిన్నది, యాదృచ్ఛికంగా రాగలిగినంతే. ఒకటి కాస్త ఎక్కువ, ఇంకోటి కాస్త తక్కువ కాబట్టి "కిడ్నీకి మంచిది" అనే పోస్టు రాయాలనిపించవచ్చు. ఈ స్లైడ్ ఆ మాట చెప్పడం లేదు.

పరిమితుల పోస్టులో ఎవరిని పరీక్షలో చేర్చుకోలేదో చెప్పండి: టైప్ 1 షుగర్ ఉన్నవారు, కిడ్నీ పనితీరు బాగా తగ్గినవారు, పై బీపీ 95 కంటే తక్కువున్నవారు. ఇది చదివి మందుల షాపుకు నేరుగా వెళ్లే మనిషిని ఆపగలిగే పోస్టు ఇదొక్కటే. దీన్ని సిరీస్ చివర పెట్టకుండా రెండో స్థానంలో పెట్టండి, ఎందుకంటే థ్రెడ్‌లో కిందికి పోయేకొద్దీ చదివేవాళ్లు తగ్గుతారు.

ఏడో మెట్టు: బొమ్మ

స్లైడ్ స్క్రీన్‌షాట్ పెట్టడం తేలిక. కానీ ఇలాంటి కర్వులున్న స్లైడ్లలో నిలువు గీత తరచుగా 100 దాకా పోదు, ముప్ఫై దగ్గర ఆగిపోతుంది. హాల్లో కూర్చున్న కార్డియాలజిస్టు అది గమనించే చదువుతాడు. ఫోన్లో చూసే మనిషికి రెండు గీతల మధ్య దూరం ఒక్కటే కనిపిస్తుంది, ప్రమాదం సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. స్క్రీన్‌షాట్ తప్పనిసరైతే గీత ఎక్కడ ఆగిందో పోస్టులోనే చెప్పండి. నాకు నచ్చిన పద్ధతి, వంద చుక్కలు గీసి 21 చుక్కలకు రంగు వేయడం, పక్కన ఇంకో వంద గీసి 16కు వేయడం. బొమ్మకు పెట్టే వివరణ పాఠంలో అవే అంకెలు రాయండి, "గ్రాఫ్" అని వదిలేయకండి. స్క్రీన్ రీడర్‌తో చదివేవారికి ఉన్న ఆధారం అదే. స్లైడ్ ఎవరిదో వారి పేరు, అనుమతి విషయం కూడా ముందే చూసుకోండి. చాలా సమావేశాల్లో ఫలితాలు ఏ గంట తర్వాత బయటపెట్టాలో నిబంధన ఉంటుంది, అంతకుముందు షెడ్యూల్ చేసిన పోస్టు పొరపాటున బయటికి పోకుండా టైమ్ జోన్ కూడా సరిచూడండి. ప్యారిస్ సమయానికీ మన సమయానికీ వేసవిలో మూడున్నర గంటలు తేడా.

ఎనిమిదో మెట్టు: పంపే ముందు, పంపాక

డ్రాఫ్టులన్నీ అయ్యాక క్రమం తారుమారు చేసి, డెక్ చూడని ఒకరికి ఒక్కో పోస్టూ విడిగా ఇవ్వండి. "బాగుందా" అని అడగకండి. "దీన్నిబట్టి ఎవరు ఈ మందు వాడాలి, ఎంతమందికి మేలు జరుగుతుంది?" అని అడగండి. మొదటి పోస్టు చదివి "గుండెపోటు వచ్చినవాళ్లు" అని జవాబిస్తే, హార్ట్ ఫెయిల్యూర్ అన్నచోట అతనికి హార్ట్ ఎటాక్ వినిపించిందన్నమాట. అప్పుడు థ్రెడ్ మొదట్లో "ఇది గుండెపోటు కాదు, గుండె సరిపడా రక్తం పంపలేని స్థితి" అన్న పోస్టు ఒకటి అదనంగా కావాలి. తెలుగు పాఠకుల కోసం రాసేటప్పుడు ఇది దాదాపు ఎప్పుడూ కావాల్సి వస్తుంది.

తర్వాత ప్రతి అంకె మీదా వేలు పెట్టి స్లైడ్‌లో అదే అంకె చూసుకోండి, ఏ గుంపుదో, ఏ వరసదో కూడా. పోస్టయ్యాక తప్పు కనిపిస్తే చడీచప్పుడు లేకుండా తీసేయకండి. అప్పటికే స్క్రీన్‌షాట్లు తిరుగుతూ ఉంటాయి. తప్పు పోస్టు కింద సవరణ రాసి, సరైన పోస్టును కొత్తగా పెట్టి రెండింటినీ కలపండి.

పాత సిరీస్‌ను కూడా అప్పుడప్పుడు తిరిగి చూడాలి. 2019లో ఈ డెక్ చూపించేనాటికి డాపాగ్లిఫ్లోజిన్‌కు హార్ట్ ఫెయిల్యూర్ చికిత్సకు అమెరికాలో అనుమతి లేదు, అది 2020 మేలో వచ్చింది. పంపింగ్ 40 శాతం కంటే ఎక్కువున్న రోగుల మీద డెలివర్ అనే వేరే పరీక్ష ఫలితాలు 2022 ఆగస్టులో బార్సెలోనాలో అదే కాంగ్రెస్‌లో చూపించారు, వాళ్లలోనూ ప్రయోజనం కనిపించింది. 2019 పోస్టులో "40% లేదా అంతకంటే తక్కువ" అని, సంవత్సరం వేసి రాసి ఉంటే అది ఈనాటికీ తప్పు కాదు. దాని కింద డెలివర్ గురించి ఒక్క పోస్టు చేర్చితే చాలు. ఆ మాట లేకుండా "హార్ట్ ఫెయిల్యూర్‌కు పనిచేస్తుంది" అని రాసినవాళ్లు మాత్రం, ఎవరూ పరీక్షించని రోగుల గురించి మూడేళ్ల ముందే హామీ ఇచ్చినట్టయింది.